ఆర్ఓసీ చూడాలా, పీఆర్ చూడాలా: కాశీబుగ్గ జీడిపప్పు బల్ల దగ్గర తేలిన లెక్క

కాశీబుగ్గలో మా మేనమామకి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. పొట్టు తీసిన పప్పు బెల్టు మీద వెళ్తుంటే పైనుంచి కెమెరా ఫొటో తీస్తుంది. ఆ ఫొటో చూసి మోడల్ ప్రతి గింజకీ సున్నాకీ ఒకటికీ మధ్య ఒక స్కోరు వేస్తుంది. పురుగు పట్టినట్టు అనుమానం ఎంత ఎక్కువైతే స్కోరు అంత ఎక్కువ. మనం పెట్టిన గీత దాటిన గింజని గాలి ఊది పక్క పళ్లెంలోకి తోసేస్తుంది. ఆ పళ్లెంలో పడ్డవన్నీ గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు చేత్తో తిప్పి చూస్తారు. నిజంగా పురుగుదైతే తీసేస్తారు, మంచిదైతే తిరిగి కలిపేస్తారు.

పోయినేడాది పాత మోడల్ బదులు కొత్తది పెడదామని రెండింటినీ ఒకే సరుకు మీద పోల్చి చూశాను. గీతని పైకీ కిందికీ జరుపుతూ పోతే మోడల్ పట్టుకునేదీ పొరపడేదీ ఎలా మారతాయో చూపేది ఆర్ఓసీ కర్వ్. దాని కింద వైశాల్యం, అంటే ఏయూసీ, పాతదానికి 0.88, కొత్తదానికి 0.91 వచ్చింది. ఇంకేం ఆలోచించకుండా కొత్తది పెట్టేశాను. రెండు గంటలయ్యాక బల్ల దగ్గర పెద్దావిడ నన్ను పిలిచింది. "ఏటి బాబూ ఇది? పళ్లెం నిండా మంచి పప్పే కదా. పురుగు పప్పు ఎతకమంటే మంచి పప్పు ఎతికిస్తన్నావు" అంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను చూసిన అంకె కూడా నిజమే. ఈ రెండు నిజాలూ ఒకే చోట ఎలా ఉండగలిగాయో అర్థమైతే, ఏ కర్వ్ ఎప్పుడు చూడాలో దాదాపు తెలిసిపోతుంది. అందుకే ఆ పోలికని గింజల లెక్కలో చెబుతాను. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెల్ని గుండ్రంగా తీసుకుంటున్నాను.

పదివేల గింజలు అనుకోండి. డబ్ల్యూ320 గ్రేడులో పౌనుకి సుమారు 300 నుంచి 320 గింజలు తూగుతాయి కాబట్టి ఇది పదిహేను కిలోలకి కాస్త తక్కువ సరుకు. అందులో 100 పురుగు పప్పు, 9,900 మంచి పప్పు. నూటికి ఒకటన్న మాట.

ఈ పదివేల మీద పాత మోడల్ గీతని బాగా ఎత్తుగా పెడితే పళ్లెంలో 70 గింజలు పడ్డాయి. వాటిలో 60 పురుగువి, 10 మంచివి. కొత్త మోడల్‌తో కూడా అదే 60 పురుగు గింజలు దొరకాలంటే గీతని చాలా కిందికి దించాల్సి వచ్చింది. అప్పుడు 60 పురుగువాటితో పాటు 693 మంచివి పళ్లెంలోకి వచ్చాయి. గింజని తిప్పి చూడటానికి మూడు సెకన్లు పట్టినా, పాతదాని పళ్లెం మూడున్నర నిమిషాల పని. కొత్తదాని పళ్లెం దాదాపు ముప్పై ఎనిమిది నిమిషాల పని. దొరికిన పురుగు పప్పు మాత్రం రెండు చోట్లా అదే 60.

ఇప్పుడు ఇదే విషయాన్ని ఆర్ఓసీ కర్వ్, ప్రెసిషన్-రీకాల్ అనే పీఆర్ కర్వ్ రెండూ ఎలా చెప్తాయో చూద్దాం.

ఆర్ఓసీ గ్రాఫ్‌లో నిలువు గీత మీద ఉండేది రీకాల్. ఉన్న పురుగు పప్పులో ఎంత భాగం పట్టుకున్నామో అది చెబుతుంది. మన రెండు మోడళ్లకీ ఇది 0.60. అడ్డ గీత మీద తప్పుడు అలారం రేటు ఉంటుంది. ఉన్న మంచి పప్పులో ఎంత భాగాన్ని అనవసరంగా తోసేశామో అది చెబుతుంది. పాతదానికి 10ని 9,900తో భాగిస్తే సుమారు 0.001. కొత్తదానికి 693ని 9,900తో భాగిస్తే 0.07. కాగితం మీద పది సెంటీమీటర్ల వెడల్పున ఆర్ఓసీ గీస్తే, 0.001 అంటే ఎడమ అంచు నుంచి మిల్లీమీటర్‌లో పదో వంతు. 0.07 అంటే ఏడు మిల్లీమీటర్లు. రెండు చుక్కలూ ఎడమ అంచుకి అతుక్కునే ఉంటాయి. చూసే కంటికి రెండూ మంచి చోటే ఉన్నట్టు కనిపిస్తాయి. బల్ల దగ్గర ఆడవాళ్లకి మూడున్నర నిమిషాలకీ ముప్పై ఎనిమిది నిమిషాలకీ ఉన్న తేడా అంతా ఆ ఏడు మిల్లీమీటర్లలోనే ఇరుక్కుని ఉంది.

పీఆర్ కర్వ్‌లో రీకాల్ అడ్డ గీత మీదికి వస్తుంది, నిలువు గీత మీదికి ప్రెసిషన్ వస్తుంది. ప్రెసిషన్ అంటే పళ్లెంలో పడ్డవాటిలో నిజంగా పురుగువి ఎన్ని అని. పాతదానికి 70లో 60, అంటే నూటికి 86. కొత్తదానికి 753లో 60, అంటే నూటికి 8. ఒక చుక్క గ్రాఫ్ పై అంచుకి దగ్గర్లో ఉంటుంది, రెండోది నేల మీద ఉంటుంది. ఇక్కడ కళ్లు చికిలించి చూడాల్సిన పనే లేదు.

తేడా అంతా దేంతో భాగిస్తున్నామన్న దాంట్లో ఉంది. తప్పుడు అలారం రేటులో కింద ఉండేది మొత్తం మంచి పప్పు, 9,900. అది ఎంత పెద్దదంటే, దాని మీద ఏడు వందల తప్పులు వేసినా చిన్న భిన్నంగానే మిగులుతాయి. ప్రెసిషన్‌లో కింద ఉండేది పళ్లెం. పళ్లెంలో ఏడు వందల మంచి గింజలు కలిస్తే అరవై పురుగు గింజలు వాటి మధ్య కనపడకుండా పోతాయి. అరుదైన వర్గాన్ని వెతికే పనిలో మనిషి చెయ్యి పడేది పళ్లెం మీదే, బెల్టు మీద సాఫీగా వెళ్లిపోయే వేల గింజల మీద కాదు. అందుకే పని ఎంతో చెప్పేది పీఆర్ కర్వ్.

మరి కొత్తదాని ఏయూసీ ఎందుకు ఎక్కువ వచ్చింది? ఇది నేను రెండు రోజులు కూర్చుని చూసుకున్న సంగతి. పాత మోడల్ మొదటి 60 పురుగు గింజల్ని చాలా శుభ్రంగా పట్టుకుంటుంది. అవి బెజ్జం స్పష్టంగా కనిపించేవి. ఆ తర్వాత దానికి ఊపిరి అయిపోతుంది. మిగతా 40లో ఇరవై దొరకాలంటే మొత్తం 990 మంచి గింజల్ని పళ్లెంలోకి రానివ్వాలి. చివరి ఇరవై దొరకాలంటే బెల్టు మీద ఉన్నదంతా పళ్లెంలో పొయ్యాల్సిందే. కొత్త మోడల్ తీరు వేరు. దానికి మొదట్లోనే పొరపాట్లు. నడిమి చీలికలో పొట్టు కొంచెం అంటుకుని ఉన్న మంచి పప్పుకి బెజ్జం ఉన్నదానికంటే ఎక్కువ స్కోరు వేస్తుంది. అందుకే దాని మొదటి 20 పురుగు గింజలతో పాటే 99 మంచివి వచ్చేశాయి. కానీ లోపల తొలిచి పైకి లేత మరక మాత్రమే ఉన్న గింజల్ని అది పాతదానికంటే బాగా గుర్తిస్తుంది. మంచి పప్పులో ఐదో వంతు పళ్లెంలో పడేసరికి దానికి 95 పురుగు గింజలు దొరికేశాయి.

ఏయూసీ అంటే అడ్డ గీత పొడవునా ఉన్న వైశాల్యం. అందులో మొదటి పదో వంతుకి దక్కే బరువు పదో వంతే. మిగతా తొమ్మిది వంతులూ, మంచి పప్పులో పదో వంతు కంటే ఎక్కువ పళ్లెంలోకి తోసే చోట్లు. అంటే పళ్లెంలో 990కి పైగా మంచి గింజలు పడే చోట్లు. అక్కడ మోడల్ ఎంత బాగా నడిచినా మా బల్లకి ఒరిగేది లేదు. కొత్తది గెలిచింది అక్కడ. మేం ఎప్పటికీ నడపని చోట తెచ్చుకున్న మార్కులతో అది మొత్తం పరీక్షలో ముందుకొచ్చింది.

పీఆర్ కర్వ్‌ని కూడా ఒక్క అంకెకి కుదించవచ్చు. దాన్ని యావరేజ్ ప్రెసిషన్ అంటారు. పై లెక్క ప్రకారం పాతదానికి అది సుమారు 0.55, కొత్తదానికి సుమారు 0.10. ఏయూసీ 0.88, 0.91 అని పక్కపక్కన నిలబెట్టిన రెండు మోడళ్లూ ఇవే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. పీఆర్‌లో ఆర్ఓసీకి తెలియని కొత్త సమాచారం ఏదో ఉందని చాలామంది అనుకుంటారు. అలా లేదు. పురుగు గింజలు ఎన్ని, మంచివి ఎన్ని అని తెలిసి ఉంటే, ఒక కర్వ్ మీది చుక్క నుంచి రెండో కర్వ్ మీది చుక్క లెక్కగట్టవచ్చు. ఆర్ఓసీలో ఒక మోడల్ మొదటి నుంచి చివరి దాకా రెండోదాని కింద పడకుండా ఉంటే పీఆర్‌లో కూడా అలాగే ఉంటుందని జెస్సీ డేవిస్, మార్క్ గోడ్రిచ్ 2006లో నిరూపించారు. కాబట్టి రెండు కర్వ్‌లకీ పేచీ వచ్చేది, మా మోడళ్ల లాగా ఒకదాన్నొకటి మధ్యలో దాటుకున్నప్పుడే. అప్పుడు ఎవరు గెలిచారన్నది ఏ భాగానికి ఎంత బరువు ఇచ్చామన్న దాని మీద ఉంటుంది. ఎడమ అంచున ఉన్న ఆ సన్నటి భాగాన్ని పీఆర్ సాగదీసి చూపిస్తుంది, ఆర్ఓసీ నొక్కేస్తుంది. ఆర్ఓసీయే కావాలనుకుంటే అడ్డ గీతని లాగ్ స్కేలులో గీయండి. 0.001కీ 0.01కీ 0.1కీ సమానమైన చోటు వస్తుంది, తేడా అక్కడా బయటపడుతుంది. అయినా నేను పీఆర్‌నే ఎంచుకుంటాను. బల్ల దగ్గరికెళ్లి "పళ్లెంలో పదికి ఎనిమిది పురుగువే ఉంటాయి" అని చెప్తే ఆవిడకి అర్థమవుతుంది. 0.001 అని చెప్తే నాకే సరిగా అర్థం కాదు.

అలాగని పీఆర్ కర్వ్‌ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. నేను తిన్న పెద్ద దెబ్బ పరీక్షకి పెట్టిన సరుకు దగ్గర. మొదట్లో పురుగు గింజలు దొరకడం కష్టమని, పాత సంచుల్లోంచి ఏరి 500 పోగేశాను. వాటికి జోడుగా 500 మంచివి కలిపి టెస్ట్ సెట్ చేశాను. కొత్త మోడల్‌ని దాని మీద 0.60 రీకాల్ దగ్గర చూస్తే 300 పురుగువి, 35 మంచివి వచ్చాయి. ప్రెసిషన్ నూటికి 90. అదే మోడల్, అదే గీత. బెల్టు మీదికెళ్తే నూటికి 8. మోడల్ మారలేదు, పురుగు పప్పు వంతు మారింది. ఈ సంబంధం ఒక్క వరుసలో ఉంటుంది. ఇందులో TPR అంటే రీకాల్, FPR అంటే తప్పుడు అలారం రేటు, π అంటే సరుకులో పురుగు పప్పు వంతు:

```
precision = TPR·π / (TPR·π + FPR·(1−π))
```

0.60, 0.07 ఇందులో వేసి π బదులు 0.5 పెట్టండి, తర్వాత 0.01 పెట్టండి. 0.90 నుంచి 0.08కి ఎలా జారిందో కనిపిస్తుంది. సగం సగం సరుకు మీద గీసిన పీఆర్ కర్వ్ ఆర్ఓసీ కంటే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే చూసేవాళ్లు దాన్ని పళ్లెం లెక్కగానే చదువుకుంటారు. కాబట్టి పీఆర్ చూడాలనుకుంటే టెస్ట్ సెట్‌లో అరుదైన వర్గం బెల్టు మీద ఎంత ఉంటుందో అంతే ఉండాలి. అంత సరుకుకి లేబుల్ వేయడం కుదరకపోతే, పోగేసిన సెట్ మీద రెండు రేట్లూ కొలిచి, అసలు వంతుని పై సూత్రంలో వేసి ప్రెసిషన్‌ని దిద్దుకోవాలి.

ఆర్ఓసీనే పట్టుకోవాల్సిన సందర్భం కూడా ఇక్కడే ఉంది. వానాకాలంలో నిల్వ సరుకుకి పురుగు ఎక్కువ. వంతు నూటికి మూడు అయిందనుకోండి. మోడల్ అదే, రెండు రేట్లూ అవే అయినా కొత్తదాని ప్రెసిషన్ 8 నుంచి 21కి పెరుగుతుంది. వేసవిలో తీసిన యావరేజ్ ప్రెసిషన్‌నీ వానల్లో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి మోడల్ మెరుగుపడిందని సంతోషపడితే అది ఉత్త భ్రమ. ఆర్ఓసీలో రెండు అక్షాలూ తమ తమ వర్గం లోపలే భాగించుకుంటాయి కాబట్టి వంతు మారినంత మాత్రాన అది కదలదు. అలా కదిలిందంటే కెమెరా అద్దం మీద పొట్టు పేరుకుందో, లైటు మారిందో, గింజ రకం మారిందో వెతకాలి. నెల నెలకీ మోడల్ ఆరోగ్యం చూసుకోవడానికి నేను ఆర్ఓసీ వాడతాను. ఏ మోడల్ పెట్టాలి, గీత ఎక్కడ పెట్టాలి అని తేల్చుకోవడానికి పీఆర్ వాడతాను. రెండు వర్గాలూ దాదాపు సమానంగా ఉన్నచోట, ఉదాహరణకి గుండు పప్పునీ బద్దనీ వేరు చేసే పనిలో, ఏది చూసినా పెద్ద తేడా రాదు.

కోడ్ విషయంలో రెండు మాటలు. పురుగు పప్పుకి 1, మంచిదానికి 0 అని లేబుల్ వేయాలి. మా దగ్గర ఒకసారి తిరగబడింది. మంచి పప్పే పాజిటివ్ అయిపోయి యావరేజ్ ప్రెసిషన్ 0.99 పైన చూపించింది. సరుకులో నూటికి 99 మంచివే అయినప్పుడు నాణెం ఎగరేసి చెప్పినా ఆ అంకె దాదాపు అంతే వస్తుంది. ఏమీ తెలియని మోడల్‌కి ఆర్ఓసీ ఏయూసీ ఎప్పుడూ 0.5, యావరేజ్ ప్రెసిషన్ మాత్రం ఆ వర్గం వంతుతో సమానం. మా పనిలో అది 0.01. అందుకే కొత్త మోడల్ 0.10 చూసి అది ఏమీ నేర్చుకోలేదని కూడా అనకూడదు. గుడ్డిగా ఏరడం కంటే అది పది రెట్లు మెరుగు, కాకపోతే మా బల్లకి చాలదు.

```python
from sklearn.metrics import (roc_auc_score,
    average_precision_score, precision_recall_curve)

print(roc_auc_score(y, s), average_precision_score(y, s))
p, r, t = precision_recall_curve(y, s)
print(p[:-1][r[:-1] >= 0.6].max())
```

ఇందులో `y` లేబుల్, `s` మోడల్ ఇచ్చిన స్కోరు. చివరి వరుస, కనీసం 0.60 రీకాల్ ఉంచుకుంటూ దక్కే గరిష్ఠ ప్రెసిషన్ ఎంతో చెబుతుంది. నా వరకు మొత్తం కర్వ్ వైశాల్యం కంటే ఈ ఒక్క అంకే విలువైనది. పీఆర్ చుక్కల మధ్య స్కేలు పెట్టి సరళరేఖలు గీసి వైశాల్యం తీయకండి. ప్రెసిషన్ ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి నేరుగా దిగదు, మధ్యలో వంపుగా పడిపోతుంది. సరళరేఖ ఆ పడిపోవడాన్ని దాచేసి లేని వైశాల్యాన్ని కలుపుతుంది. `average_precision_score` మెట్లు మెట్లుగా కూడుతుంది కాబట్టి ఈ తప్పు చేయదు.

ఇంకో పరిమితి కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాత మోడల్ 86 శాతం మొత్తం నిలబడింది పది తప్పుల మీద. ఇంకో పదిహేను కిలోలు పోస్తే ఆ పది, ఐదు కావచ్చు, పదిహేడు కావచ్చు. ఐదైతే ప్రెసిషన్ 92, పదిహేడైతే 78. టెస్ట్ సెట్‌లో పురుగు గింజలు ఇరవయ్యే ఉంటే, ఒక్క గింజ అటూ ఇటూ అయినా రీకాల్ ఐదు శాతం కదులుతుంది. అరుదైన వర్గం తక్కువగా ఉన్న సెట్ మీద గీసిన పీఆర్ కర్వ్ ఎడమవైపు రంపం పళ్లలా ఉంటుంది. ఆ పళ్ల ఎత్తు చూసి రెండు మోడళ్ల మధ్య తీర్పు చెప్పకూడదు. సెట్ నుంచి గింజల్ని తిరిగి పెట్టే పద్ధతిలో యాదృచ్ఛికంగా ఏరి, అంకెని కొన్ని వందలసార్లు మళ్లీ లెక్కగట్టి, అది ఎంత మేర ఊగుతోందో చూడాలి. మా 86కీ 8కీ మధ్య దూరం ఆ ఊగిసలాటలో కొట్టుకుపోయేది కాదు. 86కీ 81కీ మధ్యైతే నేను నోరు మెదపను.

చివరికి మా యూనిట్‌లో పాత మోడలే తిరిగి పెట్టాం. అయితే ఒక కొనుగోలుదారు సరుకులో పురుగు పప్పు నూటికి 95 తీసేయాల్సిందేనని పట్టుబట్టాడు. అక్కడ పోలిక తలకిందులైంది. 95 రీకాల్ దగ్గర పాతదాని పళ్లెంలో పదివేలలో సుమారు 7,770 గింజలు పడతాయి. అలాంటప్పుడు మోడల్ పెట్టడం ఎందుకు, మొత్తం చేత్తోనే చూడొచ్చు. కొత్తదాని పళ్లెంలో 2,075 పడతాయి. ప్రెసిషన్ నూటికి ఐదు కూడా లేదు, కానీ చేతిపని ఐదో వంతుకి తగ్గుతుంది. పీఆర్ కర్వ్‌లో కుడి అంచుకి వెళ్తే కొత్తది పాతదానికి పైన ఉన్నట్టు కనిపిస్తుంది. కాకపోతే రెండూ నేలకి అంత దగ్గరగా ఉన్నచోట, నిలువు గీతని పెద్దది చేసి చూడాలి. ఆ ఆర్డరు వచ్చిన రోజున కొత్త మోడల్ పెట్టి, బల్ల దగ్గర ఇంకో ఇద్దరిని కూర్చోబెడుతున్నాం. పళ్లెంలో ఎన్ని పడతాయో పొద్దున్నే పెద్దావిడకి చెప్పేస్తున్నాను. మొన్న ఆవిడ వేళ్ల మీద లెక్క వేసుకుని, "రెండు వేలంటే మద్దేన్నానికి అయిపోద్ది, పర్నేదు, ఎట్టు" అంది.